5/7 పెద్దదా, 8/11 పెద్దదా?

ఆరో తరగతి లెక్కల వర్క్‌షీట్ ఒకటి ముందు పెట్టుకుందాం. వరసకు రెండు భిన్నాలు, వాటి నడుమ ఖాళీ గడి. ఆ గడిలో <, >, = లలో ఏదో ఒక గుర్తు వేయాలి. హారాలు ఒకటే అయితే పిల్లలకు ఇబ్బందేమీ ఉండదు. 3/8 కన్నా 5/8 పెద్దదని చూడగానే చెప్పేస్తారు. రెండు చోట్లా ముక్క సైజు ఒకటే, మూడు ముక్కల కంటే ఐదు ముక్కలు ఎక్కువ, అంతే. కింది అంకెలు వేరైనప్పుడు మాత్రం ముక్కల సైజూ మారుతుంది, ముక్కల లెక్కా మారుతుంది. ఈ రెండింటినీ ఒకేసారి మనసులో పెట్టుకుని పోల్చాలి. పాఠ్యపుస్తకం విజాతి భిన్నాలు అని పిలిచే ఈ జంటల దగ్గరే ఎర్ర ఇంకు గీతలు ఎక్కువ పడతాయి.

దీనికి బడిలో మూడు దారులు చెప్తారు. హారాలను సమానం చేయడం ఒకటి. అర, ఒకటి లాంటి తెలిసిన అంకెను కొలబద్దగా పెట్టుకుని చూడటం రెండోది. అడ్డగుణకారం మూడోది. చాలామంది పిల్లలు ఈ మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని షీటంతా దానితోనే లాగించేస్తారు. సాధారణంగా అది చివర నేర్పిన అడ్డగుణకారమే అవుతుంది. జవాబులు వస్తాయి కూడా. కానీ అలా దిద్దిన షీటు చూసి ఆ పిల్లకి భిన్నం సైజు అర్థమైందో లేదో చెప్పడం కష్టం. నా ఉద్దేశంలో పెన్సిలు కదలకముందు ఆ జంటను కాసేపు చూడటంలోనే సగం లెక్క ఉంది.

ముందు, పిల్లలు సొంతంగా తయారుచేసుకునే తప్పు సూత్రాలను చూద్దాం. వర్క్‌షీట్‌లో 5/7, 8/11 జంట వచ్చిందనుకోండి.

"ఐదు బై ఏడే పెద్దది టీచర్."

"ఎందుకురా?"

"అది ఒకటి కావాలంటే ఇంకా రెండే తక్కువ. అవతలిదానికి మూడు తక్కువ."

పక్క బెంచీ పిల్ల లేస్తుంది. "కాదు టీచర్, ఎనిమిది బై పదకొండు. దాంట్లో పైనా కిందా రెండు నంబర్లూ పెద్దవే కదా!"

జవాబు 8/11. కాబట్టి ఆ పిల్లకు టిక్కు, వాడికి ఇంటూ పడతాయి. నిజానికి ఇద్దరి తర్కమూ తప్పే. అబ్బాయి లోపించిన ముక్కల లెక్క చూశాడు గానీ ముక్క సైజు చూడలేదు. ఏడో వంతు ముక్కలు రెండు తక్కువ కావడమూ, పదకొండో వంతు ముక్కలు మూడు తక్కువ కావడమూ వేరు. మీటరు టేపు మీద చూస్తే తేడా తెలుస్తుంది. 5/7 మీటరు అంటే సుమారు 71.4 సెంటీమీటర్లు, 8/11 మీటరు అంటే సుమారు 72.7. ఒక వేలి మందమంత తేడా, అయినా తేడానే. ఇక ఆ పిల్ల మామూలు అంకెలను పోల్చినట్టు పోల్చింది. అదృష్టం కొద్దీ ఈసారి సరిపోయింది. అదే పద్ధతిలో 5/8, 7/12 లను పోలిస్తే 7/12 పెద్దదంటుంది. అసలు పెద్దది 5/8.

ఆస్ట్రేలియాలో డగ్ క్లార్క్, ఆన్ రోష్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని పట్టించుకుని చూశారు. 323 మంది ఆరో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, భిన్నాల జంటలు చూపించి, ఏది పెద్దది అని అడిగి అక్కడితో ఆపకుండా ఎలా తెలిసిందో కూడా చెప్పించారు. 2009లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లిచ్చిన జంటల్లో 5/6, 7/8 ఒకటి. రెండింటికీ ఒక్కో ముక్కే తక్కువ కాబట్టి రెండూ సమానం అనడం, మన అబ్బాయి చేసిన తప్పుకి తోబుట్టువే. 3/4, 7/9 కూడా అలాంటి జంటే. లోపించిన ముక్కలు లెక్కపెడితే 3/4 పెద్దదనిపిస్తుంది గానీ నిజానికి 7/9 పెద్దది.

ఇక్కడ వర్క్‌షీటు తయారుచేసేవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. "పెద్ద అంకెలున్నదే పెద్దది" అనే తప్పునూ, "తక్కువ ముక్కలు లోపించినదే పెద్దది" అనే తప్పునూ ఒకే జంటతో పట్టుకోవడం కుదరదు. 5/8, 9/11 తీసుకోండి. 9/11 లో రెండు అంకెలూ పెద్దవి, లోపించినవి కూడా రెండే ముక్కలు, అవతల మూడు. రెండు తప్పు సూత్రాలూ 9/11 అనే చెప్తాయి, అసలు జవాబూ 9/11 నే. ఇది కాకతాళీయం కాదు. హారం పెద్దదైతే ముక్క చిన్నది. ఆ చిన్న ముక్కలు కూడా తక్కువే లోపిస్తే మొత్తం లోటు తప్పకుండా తక్కువే ఉంటుంది. అంటే ఆ రెండు తప్పు సూత్రాలు ఎక్కడ ఏకమైతే అక్కడ జవాబు ఒప్పే అవుతుంది. కాబట్టి షీటులో రెండు రకాల జంటలూ ఉండాలి. 5/7, 8/11 లాంటిది ఒక తప్పును పడుతుంది. 5/8, 7/12 లాంటిది రెండో తప్పును పడుతుంది. ఒకే రకం జంటలతో నింపిన షీటులో పదికి పది తెచ్చుకున్న పిల్లకి ఏమీ తెలియకపోయినా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇక దారుల్లోకి వద్దాం. హారాలు సమానం చేయడం అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా నమ్మకమైనది. 5/12, 7/18 తీసుకుందాం. పన్నెండో వంతు ముక్కలనూ పద్దెనిమిదో వంతు ముక్కలనూ నేరుగా పోల్చలేం. రెండింటినీ ఒకే సైజు ముక్కలుగా కోయాలి. 12 ఎక్కంలోనూ 18 ఎక్కంలోనూ వచ్చే మొదటి సంఖ్య 36. అదే క.సా.గు. పన్నెండో వంతు ముక్కను మూడుగా కోస్తే ముప్పై ఆరో వంతు వస్తుంది, కాబట్టి ఐదు ముక్కలు పదిహేనవుతాయి. పద్దెనిమిదో వంతు ముక్కను రెండుగా కోస్తే చాలు, ఏడు ముక్కలు పద్నాలుగవుతాయి. 15/36, 14/36. కాబట్టి 5/12 పెద్దది. 12ని 18తో గుణించి 216 ను హారంగా పెట్టుకున్నా తప్పు లేదు, 90/216, 84/216 వస్తాయి, జవాబూ మారదు. అంకెలు పెద్దవై చేతిపని పెరుగుతుంది, అంతే తేడా.

క.సా.గు.ను భిన్నాలకు వాడటం మనకు పరాయిది కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలపు జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో దాన్ని నిరుద్ధం అనే పేరుతో చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తెలుగులో లెక్కల పుస్తకం మొదలైన రోజుల నుంచీ మనవాళ్లకు భిన్నాల లెక్కలు పరిచయమేనన్నమాట.

ఈ దారిలో మామూలుగా జరిగే పొరపాటు, హారాన్ని మార్చి లవాన్ని అలాగే వదిలేయడం. 5/12 ను 5/36 అనీ, 7/18 ను 7/36 అనీ రాసి, 7 పెద్దది కాబట్టి 7/18 పెద్దదని గుర్తు వేసేస్తారు. దిద్దేవాళ్లు చూడాల్సింది గడిలోని గుర్తును కాదు, పక్కన మార్జిన్‌లో ఉన్న ఈ రఫ్ పనిని. ఆ తప్పును పిల్లే సొంతంగా పట్టుకునే ఉపాయం కూడా ఉంది. పన్నెండులో సగం ఆరు, అంటే 5/12 సగానికి కాస్త తక్కువ. ముప్పై ఆరులో సగం పద్దెనిమిది, 5/36 సగానికి దరిదాపుల్లో కూడా లేదు. కోయడం వల్ల ముక్కలు చిన్నవవుతాయి గానీ పళ్లెంలో ఉన్నది తగ్గిపోదు కదా! సైజు అంత పడిపోయిందంటే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం.

ఇప్పుడు చేసిన ఆ సగం పరీక్షే రెండో దారి. తెలుగు పిల్లలకు పావు, అర, ముప్పావు బడికి రాకముందే తెలుసు. పాలు, పంచదార, కూరగాయలు కొనేటప్పుడు వినే మాటలవి. వాటినే కొలబద్దలుగా పెట్టుకుంటే చాలా జంటలకు కాగితమే అక్కర్లేదు. 3/8, 5/9 చూడండి. ఎనిమిదిలో సగం నాలుగు, 3 అంతకన్నా తక్కువ. తొమ్మిదిలో సగం నాలుగున్నర, 5 అంతకన్నా ఎక్కువ. ఒకటి అరకు ఇవతల, మరొకటి అవతల. 5/9 పెద్దది. 35/72, 51/100 జంట ఇస్తే అడ్డగుణకారం అలవాటైన పిల్ల 35ని 100తోనూ 51ని 72తోనూ గుణించడం మొదలుపెడుతుంది. 72లో సగం 36, 100లో సగం 50 అని చూస్తే అసలు గుణకారమే అక్కర్లేదు. 35 సగానికి ఒకటి తక్కువ, 51 సగానికి ఒకటి ఎక్కువ.

రెండూ అరకు ఒకే పక్కన ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టేనా? కొన్నిసార్లు అవును, కానీ ముందు దూరం చూడాలి. 7/8, 9/10 రెండూ ఒకటికి దగ్గరగా ఉన్నాయి. మొదటిదానికి ఎనిమిదో వంతు తక్కువ, రెండోదానికి పదో వంతు తక్కువ. పదో వంతు చిన్నది కాబట్టి 9/10 ఒకటికి ఇంకా దగ్గరగా ఉంది, అదే పెద్దది. గమనించారా, ఇది మొదట్లో మనం చూసిన అబ్బాయి ఆలోచనే. లోపించింది ఎంత అని అడగడంలో తప్పు లేదు. ఎన్ని ముక్కలు అని మాత్రమే అడిగి, ఎంత ముక్క అని అడగకపోవడమే తప్పు. అందుకే అలాంటి పిల్లవాడి జవాబును కొట్టేసి వదిలేయడం నాకు నచ్చదు. వాడు సరైన దారిలో సగం దూరం వచ్చి ఆగాడు.

సగం నుంచి కూడా ఇలాగే దూరం కొలవవచ్చు. 7/12, 4/7 రెండూ అర దాటాయి. 7/12 సగాన్ని పన్నెండో వంతుతో దాటింది. ఏడులో సగం మూడున్నర, కాబట్టి 4/7 సగాన్ని అర ముక్కతో, అంటే పద్నాలుగో వంతుతో దాటింది. పన్నెండో వంతు పెద్దది కనుక 7/12 పెద్దది. ఇక్కడిదాకా మనసులో చేయగలిగితే మంచిదే. కానీ మొదటి జంట 5/7, 8/11 ను ఇలా చేయబోతే దూరాలు 3/14, 5/22 వస్తాయి. మళ్లీ రెండు విజాతి భిన్నాలే చేతిలో ఉంటాయి, పని తగ్గకపోగా పెరిగింది. కొలబద్ద దారి ఆగిపోయే చోటు అది. దూరాల లవాలు రెండూ ఒకటే అయి, పోలిక చటుక్కున తేలితేనే ఈ దారిలో ముందుకెళ్లాలి. లేకపోతే వేరే దారి చూసుకోవాలి.

ఆ వేరే దారి అడ్డగుణకారం. యూట్యూబ్ పాఠాల్లో దీన్ని బటర్‌ఫ్లై మెథడ్ అని కూడా అంటారు, గీతలు సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటాయని. 5/7, 8/11 రాసి, ఎడమ లవాన్ని కుడి హారంతో గుణించాలి. 5 × 11 = 55, దాన్ని 5/7 నెత్తిన రాయాలి. కుడి లవాన్ని ఎడమ హారంతో గుణించాలి. 8 × 7 = 56, దాన్ని 8/11 నెత్తిన రాయాలి. 55 కన్నా 56 పెద్దది కాబట్టి 8/11 పెద్దది.

ఇదంతా ఏదో గారడీలా కనిపిస్తుంది గానీ ఇందులో దాగినది మొదటి దారే. 7, 11 లకు ఉమ్మడి హారం 77. 5/7 అంటే 55/77, 8/11 అంటే 56/77. హారం రెండు చోట్లా 77 అని ముందే తెలుసు కాబట్టి దాన్ని రాయకుండా లవాలను మాత్రమే పోల్చాం. ఆ 55, 56 లు ఏ సైజు ముక్కలు అని పిల్లను అడిగి చూడండి. డెబ్బై ఏడో వంతులు అని చెప్పగలిగితే ఆమెకు లెక్క తెలిసినట్టు. తెల్లముఖం వేస్తే గీతలు గీయడం మాత్రమే వచ్చినట్టు.

ఈ తేడా పరీక్షలో పట్టుబడేది ఫలితాన్ని ఎక్కడ రాయాలనే దగ్గర. కొందరు ఎడమ హారం నుంచి మొదలుపెడతారు. 7 × 8 = 56 ను ఎడమవైపు, 11 × 5 = 55 ను కుడివైపు రాసుకుంటారు. గుణకారాలు రెండూ ఒప్పే, గుర్తు మాత్రం తిరగబడుతుంది. ఇలాంటి పిల్లకి షీటులో అన్ని గుర్తులూ తలకిందులై వస్తాయి, అదే దానికి ఆనవాలు. కొన్ని ఒప్పు, కొన్ని తప్పు అయితే గుణకారంలో తడబాటు. అన్నీ తప్పయితే ఫలితాలు తప్పు వైపు రాస్తున్నట్టు. సరిచేయడానికి జవాబు ముందే తెలిసిన జంటను చేయించాలి. 1/2, 3/4 లు చాలు. అర కన్నా ముప్పావు ఎక్కువని ఎవరూ చెప్పక్కర్లేదు. తన పద్ధతిలో చేస్తే అర పెద్దదని వచ్చిందంటే తానే ఆగి చూసుకుంటుంది. లవం ఏ భిన్నానిదో ఫలితం ఆ భిన్నం మీదే ఉండాలి అన్న నియమం అప్పుడు గుర్తుంటుంది.

హారాలు పెద్దవైతే అడ్డగుణకారంలో అంకెలు ఊరకే పెరుగుతాయి. 11/24, 13/30 జంటకు 11 × 30, 13 × 24 చేయాలి. 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడి లీలావతిలో దీనికి ఒక చక్కని సులువు ఉంది. ఒక భిన్నపు లవహారాలను రెండోదాని హారంతో గుణించమని చెప్తూనే, తెలివైనవాడు ఆ హారాలను ముందుగా ఉమ్మడి భాజకంతో తగ్గించి, ఆ తగ్గిన అంకెలతోనే గుణించవచ్చు అంటాడు. 24, 30 రెండింటినీ 6 భాగిస్తుంది. తగ్గిస్తే 4, 5 మిగులుతాయి. ఇక 11 × 5 = 55, 13 × 4 = 52 చాలు. 11/24 పెద్దది. ఆ 55, 52 లు 120 హారం మీది లవాలు, ఆ 120 ఈ రెండు హారాల క.సా.గు. ఒకటో దారీ మూడో దారీ ఇక్కడ కలిసిపోయాయి. ఈ సులువును మన పిల్లలకు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. గ.సా.భా. నేర్పిన మరుసటి వారమే చెప్పదగిన విషయం ఇది.

షీటు చివర సాధారణంగా "ఆరోహణ క్రమంలో రాయండి" అని నాలుగు భిన్నాలు ఇస్తారు. 2/3, 3/5, 7/10, 11/15 అనుకోండి. అడ్డగుణకారం రెండింటినే పోల్చుతుంది. నాలుగింటిలో జంటలు ఆరు, అన్నీ చేయబోతే ఓపిక అయిపోతుంది. కొలబద్ద కూడా ఇక్కడ పెద్దగా సాయపడదు, నాలుగూ అరకూ ముప్పావుకూ మధ్యే ఉన్నాయి. క.సా.గు. 30 పెట్టుకుంటే ఒక్క వరసలో తేలిపోతుంది: 20/30, 18/30, 21/30, 22/30. కాబట్టి 3/5, 2/3, 7/10, 11/15. జవాబు రాసేటప్పుడు ముప్పయ్యో వంతులు కాకుండా మొదట ఇచ్చిన భిన్నాలనే రాయాలి. ఇక్కడ మార్కులు పోగొట్టుకునేవాళ్లు తక్కువేమీ కాదు.

ఒక జంట గురించి చెప్పాల్సింది మిగిలింది. 12/18, 10/15. అడ్డగుణకారం చేస్తే 12 × 15 = 180, 10 × 18 = 180. రెండూ సమానం. అయినా గడిలో = వేయడానికి చాలామంది పిల్లలు వెనకాడతారు, ఎక్కడో గుణకారం తప్పిందేమోనని మళ్లీ చేస్తారు. ముందున్న లెక్కలన్నీ ఏదో ఒకటి పెద్దదని తేల్చినవే కాబట్టి ఆ అనుమానం సహజం. ఇలాంటి జంట షీటులో ఒకటి కాదు, రెండుండాలి, అందులో ఒకటి మొదటి నాలుగు లెక్కల్లోనే రావాలి. అనుమానం తీర్చుకోవడానికి మళ్లీ గుణించనక్కర్లేదు. పన్నెండు, పద్దెనిమిదిలను ఆరుతో తగ్గించినా, పది, పదిహేనులను ఐదుతో తగ్గించినా మిగిలేది 2/3 నే.